ఎప్పుడు ఆపాలో రాయని మందు

నీరసంగా ఉందని వచ్చినవాళ్లకు రక్తపరీక్షలో పొటాషియం తక్కువగా కనిపిస్తే ఇంటిల్లిపాదీ కంగారు పడతారు. అదే పొటాషియం ఎక్కువుందని చెబితే "ఎక్కువుంటే మంచిదే కద సార్" అంటారు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో కిడ్నీ రోగులను చూస్తూ వచ్చిన నాకు ఈ మాట చాలాసార్లు వినపడింది. నిజానికి ఒంట్లో పొటాషియం కాస్త తగ్గితే కాళ్లు పీకుతాయి, నీరసం వస్తుంది, సరిచేసుకోవడానికి చాలావరకు వ్యవధి ఉంటుంది. బాగా పెరిగితే మాత్రం గుండె ఆగిపోతుంది. చాలామందిలో అంతకుముందు ఏ సూచనా ఉండదు.

అలా పెరిగిన రోగుల్లో ఎక్కువమంది తప్పు తిండి తిని ఆ స్థితికి వచ్చినవాళ్లు కారు. డాక్టర్లు రాసిన మందులనే, రాసిన పద్ధతిలోనే వేసుకుంటూ వచ్చినవాళ్లు. ఒక్కో మందును విడిగా చూస్తే ఏదీ తప్పు కాదు. అన్నీ ఒకే మనిషి ఒంట్లో కలిసినప్పుడే ప్రమాదం పుడుతుంది. ఒక తల్లి విషయంలో ఇది ఎలా జరిగిందో మొదటి నుంచి చెబుతాను.

మర్రిగూడ వైపు ఊరు. వయసు అరవై దాటింది. పదేళ్లుగా బీపీ, షుగర్ ఉన్నాయి. మే నెల, ఎండలు మండిపోతున్న రోజులు. ఆటోలో కొడుకు తీసుకొచ్చాడు. తెల్లారి లేవబోతే కాళ్లు లేవలేదట. పక్షవాతమని భయపడి తెచ్చారు. మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు, రెండు కాళ్లూ సమానంగా బలం కోల్పోయాయి. చేతులు కూడా అంతంత మాత్రమే. నాడి పట్టుకుంటే నిమిషానికి 36 కొట్టుకుంటోంది. బీపీ 90/60. నాలుక ఎండిపోయి ఉంది.

రెండు కాళ్లూ ఒకేసారి చచ్చుబడి, నాడి ఇంత నెమ్మదించి, పైగా షుగర్, బీపీ ఉన్న మనిషైతే ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు. వెంటనే ఈసీజీ తీయించాను. మామూలు ఈసీజీలో ప్రతి గుండె దెబ్బకూ ముందు చిన్న గుండ్రటి మిట్ట, తర్వాత సన్నని నిటారు గీత, ఆ తర్వాత మెల్లగా లేచి దిగే మరో మిట్ట కనిపిస్తాయి. వాటిని పి, క్యూఆర్ఎస్, టి అంటాం. ఆమె కాగితం మీద పి అసలు లేదు. సన్నగా ఉండాల్సిన క్యూఆర్ఎస్ వెడల్పుగా సాగిపోయింది. టి తరంగం ఎత్తుగా, మొనదేలి నిలబడింది. పొటాషియం పెరిగేకొద్దీ సాధారణంగా మొదట టి మొనదేలుతుంది, తర్వాత పి చదునై మాయమవుతుంది, ఆపైన క్యూఆర్ఎస్ వెడల్పవుతుంది. క్యూఆర్ఎస్, టి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పొడవాటి అలల్లా మారాయంటే గుండె ఆగడానికి మధ్య నిమిషాలే ఉంటాయి. ఆమె ఆ చివరి మెట్టుకు ముందు మెట్టు మీద ఉంది.

ఆమెకు చికిత్స మొదలైన తర్వాత రిపోర్టు వచ్చింది. పొటాషియం 7.8. ఉండాల్సింది 3.5 నుంచి 5.0 మధ్య. క్రియాటినిన్ 3.9. రెండు నెలల కిందటి పాత కాగితంలో అదే క్రియాటినిన్ 1.5 ఉంది.

"ఇంట్లో ఏమేం మందులున్నాయో అన్నీ పట్టుకురా తమ్మీ" అని కొడుకును పంపాను. సాయంత్రానికి ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చాడు. దాన్ని బల్ల మీద కుమ్మరించి ఒక్కొక్కటీ చూశాను. బీపీకి టెల్మిసార్టాన్ 40, ఆమ్లోడిపిన్ 10. షుగర్ గోలీలు. పాదాల వాపుకని ఒక గోలీ. దాంట్లో ఫ్రూసెమైడ్, స్పైరనోలాక్టోన్ రెండూ కలిసి ఉన్నాయి. మోకాళ్ల నొప్పులకు ఆర్ఎంపీ ఇచ్చిన డైక్లోఫెనాక్. వీటితో పాటు పొటాషియం క్లోరైడ్ సిరప్ సీసా ఒకటి, సగం ఖాళీ అయింది.

"ఈ సిరప్ ఎప్పటి నుంచి తాగుతోంది?"

"మార్చిల వాంతులు, విరేచనాలు అయినప్పుడు దవాఖాన్ల ఇచ్చిన్రు సార్. మానొద్దని మెడికల్ షాపాయన చెప్పిండు. అయిపోంగనే మల్ల తెచ్చుకుంటున్నం. వారానికో సీసా పడుతుంది."

మార్చిలో వేరే ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం కూడా ఆ కవర్లోనే ఉంది. అప్పుడు ఆమె పొటాషియం 2.9. అంత తక్కువున్నప్పుడు సిరప్ రాయడం ముమ్మాటికీ సరైన వైద్యం. చీటీలో సిరప్ పేరు ఉంది, 10 మిల్లీలీటర్లు రోజుకు మూడుసార్లు అని ఉంది. ఎన్ని రోజులు తాగాలో లేదు. మళ్లీ ఎప్పుడు రక్తపరీక్ష చేయించుకోవాలో లేదు.

ఆ సిరప్ ఎంత పొటాషియం ఇస్తుందో లెక్కేస్తే విషయం అర్థమవుతుంది. మన దగ్గర దొరికే పొటాషియం క్లోరైడ్ సిరప్‌లో మామూలుగా 15 మిల్లీలీటర్లకు ఒకటిన్నర గ్రాముల మందు ఉంటుంది. ఆ లెక్కన 10 మిల్లీలీటర్లు తాగితే సుమారు 520 మిల్లీగ్రాముల పొటాషియం లోపలికి పోతుంది. మూడు పూటలకు 1,500 మిల్లీగ్రాములు దాటుతుంది. అన్నం, పప్పు, కూరగాయలు, చింతపండు అన్నిటి నుంచీ మనకు రోజుకు వచ్చే పొటాషియమే రెండు వేల మిల్లీగ్రాములకు కాస్త అటూ ఇటూ. అంటే ఆమె రోజూ తిండికి తోడు మరో ముప్పావు వంతు తిండిలోని పొటాషియాన్ని సీసాలోంచి తాగుతోంది. వాంతులు, విరేచనాలు తగ్గిన తర్వాత కూడా అలా వారాల తరబడి తాగింది.

మంచి కిడ్నీలున్న మనిషి దాన్ని కూడా తట్టుకుంటాడు. మనం తిన్న పొటాషియంలో దాదాపు తొంభై శాతం మూత్రంలోనే పోతుంది. చెరువుకు అలుగు ఉన్నట్టు ఒంటికి కిడ్నీ ఉంది. ఎంత వరద వచ్చినా అలుగు పారుతున్నంత సేపు కట్టకు భయం లేదు. ఈ తల్లికి మాత్రం మూడు మందులు కలిసి ఆ అలుగును మూసేశాయి.

పొటాషియాన్ని బయటికి పంపమని కిడ్నీకి చెప్పే హార్మోన్ పేరు ఆల్డోస్టెరాన్. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మెసార్టాన్ లాంటి గోలీలు, ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి గోలీలు ఆ హార్మోన్ తయారీని తగ్గిస్తాయి. స్పైరనోలాక్టోన్ అది పనిచేసే చోటే అడ్డం పడుతుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఏసిక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు కిడ్నీకి పోయే రక్తాన్ని తగ్గిస్తాయి, ఆ హార్మోన్‌ను పుట్టించే సంకేతాన్ని కూడా మందగింపజేస్తాయి. దీర్ఘకాలం షుగర్ ఉన్నవాళ్లలో ఆ సంకేతం ముందే బలహీనంగా ఉంటుంది. మూడు మందులూ వేరువేరు జబ్బులకు ఇచ్చినవే. దెబ్బ తగిలింది మాత్రం ఒక్క దారికే.

అవి ఒకదాని వెనుక ఒకటి ఎలా వచ్చి చేరాయో చూడండి. ఆమ్లోడిపిన్ 10 మిల్లీగ్రాములు వేసుకునే వాళ్లలో కొందరికి పాదాలు వాస్తాయి. ఒంట్లో నీరు పెరిగి వచ్చే వాపు కాదది. ఆ మందు సన్నని రక్తనాళాలను వదులు చేయడం వల్ల వచ్చేది. ఆమెకు పాదాలు వాచాయి. దగ్గర్లోని క్లినిక్‌లో చూపిస్తే నీరు తీసే గోలీ రాశారు. నీరు తీసే గోలీ వేసుకుంటే పొటాషియం పడిపోతుందని మెడికల్ షాపులో తెలుసు. అందుకే సిరప్ మానొద్దని ఆ షాపాయన మంచి మనసుతోనే చెప్పాడు. ఫ్రూసెమైడ్ ఒక్కటే ఉంటే ఆయన చెప్పింది నిజం. కానీ ఆ గోలీలో కలిసి ఉన్న స్పైరనోలాక్టోన్ పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపి ఉంచే మందు. నీరు తీసే మందుల్లో పొటాషియాన్ని పోగొట్టేవీ ఉన్నాయి, పట్టి ఉంచేవీ ఉన్నాయి. ఈ తేడా తెలియక రెండో రకం మందు మీద పొటాషియం సిరప్ తాగించడమే నేను చూసిన కేసుల్లో అన్నిటికంటే తరచుగా ఎదురైన ప్రమాదం.

నొప్పి గోలీ సంగతి మా జిల్లాలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగిన వాళ్లున్నారు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాయి గానీ ఎముకల్లో, కీళ్లలో అంతకుముందు చేరిన ఫ్లోరైడ్ అక్కడే ఉంది. నడుము వంగదు, మోకాళ్లు మడత పడవు. నొప్పి గోలీ లేకుండా పొద్దు గడవని పెద్దవాళ్లు ఊరూరా ఉన్నారు. వాళ్లకు అది మందుగా కూడా లెక్క కాదు. "ఏం మందులు వేసుకుంటున్నవమ్మా" అని అడిగితే బీపీ గోలీ, షుగర్ గోలీ చెప్తారు. నొప్పి గోలీ చెప్పరు. ప్రత్యేకంగా అడగాలి, ఒక్కోసారి రెండోసారి కూడా అడగాలి.

ఇన్ని ఉన్నా ఏప్రిల్ దాకా ఆమె నిలబడింది. మే ఎండలకు చెమట పోయింది, తిండి, నీళ్లు తగ్గాయి. ఒళ్లు ఎండిపోయి బీపీ పడిపోతున్నా బీపీ గోలీలు, నీరు తీసే గోలీలు మాత్రం క్రమం తప్పకుండా వేసుకుంది. కిడ్నీ పని కుంటుపడింది. ఇంతకుముందు ఉన్న క్రియాటినిన్ 1.5ను చాలామంది కొంచెం ఎక్కువ అని తేలిగ్గా చూస్తారు. ఆ వయసు ఆడమనిషికి 1.5 అంటే కిడ్నీలు వడకట్టే శక్తి అప్పటికే సగానికి లోపు, నలభై దగ్గర, ఉన్నట్టు. కండ తక్కువున్న ముసలివాళ్లలో ఈ అంకె చిన్నగా కనిపించి మోసం చేస్తుంది.

చికిత్సలో ప్రతి అడుగుకూ వేరే పని ఉంది. మొదట ఇచ్చేది కాల్షియం గ్లూకోనేట్. పది శాతం మందు 10 మిల్లీలీటర్లు నరంలోకి ఐదు నిమిషాల పాటు మెల్లగా ఎక్కించాం. ఇది పొటాషియాన్ని ఒక్క పిసరు కూడా తగ్గించదు. గుండె కండరాన్ని పొటాషియం దెబ్బ నుంచి అరగంట నుంచి గంట దాకా కాపాడుతుంది, అంతే. మానిటర్ మీద చూస్తుండగా వెడల్పయిన గీత కొంచెం సన్నబడింది. పూర్తిగా సర్దుకోకపోవడంతో మరో మోతాదు ఇచ్చాం. నాడి 58కి వచ్చింది.

ఆ వ్యవధిలో రెండో పని మొదలు పెట్టాలి. రక్తంలోని పొటాషియాన్ని కణాల లోపలికి తోయాలి. ఒంట్లో ఉన్న పొటాషియంలో తొంభై ఎనిమిది శాతం కణాల్లోనే ఉంటుంది, రక్తంలో తిరిగేది చాలా కొంచెం. ఇన్సులిన్ ఇస్తే కణాలు దాన్ని లోపలికి లాక్కుంటాయి. 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్, షుగర్ పడిపోకుండా దానితో పాటే 25 శాతం డెక్స్‌ట్రోజ్ 100 మిల్లీలీటర్లు ఇచ్చాం. సాల్బుటమాల్ నెబ్యులైజర్ పెట్టాం. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో ఇన్సులిన్ ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి ఆ తర్వాత ఆరు గంటల దాకా గంటగంటకూ షుగర్ చూడాలి. పొటాషియం ప్రమాదం గట్టెక్కిన రోగి షుగర్ పడిపోయి అపస్మారకంలోకి పోవడం కూడా జరుగుతుంది.

రెండు గంటలకు పొటాషియం 6.6కు దిగింది. కొడుకు ముఖం తేటపడింది. కానీ ఇక్కడే మోసపోకూడదు. తోసిన పొటాషియం ఒంట్లోంచి ఎక్కడికీ పోలేదు, ఇన్సులిన్ ప్రభావం నాలుగైదు గంటల్లో తగ్గగానే మళ్లీ రక్తంలోకి వస్తుంది. సెలైన్ ఎక్కించినా మూత్రం సరిగా రాలేదు. రాత్రికి పొటాషియం మళ్లీ 6.9కి ఎక్కింది. డయాలసిస్ చేశాం. పొద్దున 4.8. ఆ ఉదయం ఆమె మంచం మీద మోకాలు మడిచి పెట్టుకుని కూచుని చాయ్ అడిగింది.

ఒక్క డయాలసిస్‌తోనే గట్టెక్కింది. పది రోజుల్లో క్రియాటినిన్ 1.8కి దిగింది. సిరప్, స్పైరనోలాక్టోన్ ఉన్న గోలీ, డైక్లోఫెనాక్ శాశ్వతంగా ఆపేశాం. నొప్పికి పారాసెటమాల్ ఇచ్చాం. ఆమ్లోడిపిన్ 5కు తగ్గిస్తే పాదాల వాపు దానంతటదే తీసింది. టెల్మిసార్టాన్‌ను మాత్రం కొన్నాళ్లే ఆపాను. మూడు వారాల తర్వాత కిడ్నీ కుదుటపడి, పొటాషియం 4.5 ఉన్నప్పుడు 20 మిల్లీగ్రాములతో మళ్లీ మొదలుపెట్టి, రెండు వారాలకు పరీక్ష చేయిస్తే 4.9 వచ్చింది. అలాగే కొనసాగించాం.

అంత ప్రమాదం తెచ్చిన మందుల్లో ఒకటైన టెల్మిసార్టాన్‌ను మళ్లీ ఎందుకిచ్చారని కొడుకు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆమె మూత్రంలో ప్రొటీన్ పోతోంది. షుగర్ వల్ల అలా ప్రొటీన్ పోయే కిడ్నీని ఎక్కువకాలం కాపాడే మందుల్లో ఇది ముందుంటుంది. పొటాషియం భయంతో ఈ గోలీని సొంతంగా మానేసిన వాళ్లు కొన్నేళ్లకు డయాలసిస్‌కు వచ్చిన సందర్భాలూ చూశాను. మందు మొదలుపెట్టినా, మోతాదు పెంచినా రెండు నుంచి నాలుగు వారాల్లోపు పొటాషియం, క్రియాటినిన్ చూసుకోవాలి. క్రియాటినిన్ ముప్పై శాతం లోపు పెరిగితే కంగారు అక్కర్లేదు. అంతకు మించితే, లేదా పొటాషియం 5.5 దాటితే కారణం వెతకాలి. మందు నిలబెట్టుకోవడానికే ఆ పరీక్ష.

పరీక్ష లేకుండా మంచి మందు కూడా ఎంత హాని చేయగలదో కెనడా దేశపు ఒంటారియోలో పెద్ద ఎత్తున తేలింది. గుండె వైఫల్యం ఉన్న రోగుల్లో స్పైరనోలాక్టోన్ మరణాలను ముప్పై శాతం తగ్గిస్తుందని 1999లో ఒక ప్రసిద్ధ పరిశోధన చెప్పింది. అది నిజమే. అయితే ఆ పరిశోధనలో క్రియాటినిన్ 2.5 దాటిన వాళ్లను చేర్చుకోలేదు, చేరినవాళ్లకు తరచూ రక్తపరీక్షలు చేశారు. బయట డాక్టర్లు అంత జాగ్రత్త లేకుండా విరివిగా రాశారు. ఒంటారియోలో ఆ రోగుల లెక్కలు తీసి 2004లో ప్రచురించారు. పొటాషియం పెరిగి ఆసుపత్రిలో చేరినవాళ్లు 1994లో వెయ్యికి 2.4 మంది ఉంటే 2001 నాటికి 11 మంది అయ్యారు. దానితో చనిపోయినవాళ్లు వెయ్యికి 0.3 నుంచి 2కు పెరిగారు. వైద్యం బాగా అందే దేశంలో జరిగింది ఇది. ఎలక్ట్రోలైట్ పరీక్షకు మండలం దాటి పోవాల్సిన మన ఊళ్లలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

మహబూబ్‌నగర్ వైపు నేను చూసే రెండో రకం వాళ్లు కిడ్నీ రాళ్ల రోగులు. పాలమూరు నుంచి పుణె, ముంబై, హైదరాబాద్ కట్టడాల పనులకు పోయేవాళ్లు ఎండలో పొద్దంతా చెమటోడ్చి, తాగాల్సినన్ని నీళ్లు తాగక రాళ్లు తెచ్చుకుంటారు. దేవరకద్ర దగ్గరి ఒక మేస్త్రీకి రాళ్లు కరగడానికని పొటాషియం సిట్రేట్ సిరప్ రాశారు. జనం దాన్ని రాళ్ల మందు అనే అంటారు, అందులో పొటాషియం ఉందని చాలామందికి తెలియదు. 5 మిల్లీలీటర్లలో సుమారు 400 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, అంటే క్లోరైడ్ సిరప్ కంటే చిక్కన. అతను 10 మిల్లీలీటర్ల చొప్పున రెండు పూటలా తాగుతున్నాడు. రాయి అడ్డం పడి ఒక కిడ్నీ అప్పటికే పాడైంది, క్రియాటినిన్ 2.2. బీపీకి లోసార్టాన్ వేసుకుంటున్నాడు.

అతనికి ఏ బాధా లేదు. ఆపరేషన్‌కు ముందు చేసే మామూలు పరీక్షల్లో పొటాషియం 6.3 బయటపడింది. "నాకేం కాలేదు సార్, నిన్నటి దాక పనికి పోయిన" అన్నాడు. మెల్లమెల్లగా పెరిగితే ఒళ్లు అలా అలవాటు పడుతుంది, బాధ కనపడదు. ఈసీజీలో టి మాత్రం మొనదేలి ఉంది. సిరప్ ఆపి, లోసార్టాన్ తాత్కాలికంగా మార్చి, పేగుల్లోనే పొటాషియాన్ని పట్టి ఉంచే పొడి కొన్నాళ్లు ఇస్తే వారానికి 4.9కి వచ్చింది. రాయి తీసేశాక మళ్లీ రాకుండా నీళ్లు ఎక్కువ తాగడం, ఉప్పు తగ్గించడం చెప్పాం. పొటాషియం సిట్రేట్ మంచి మందే, కిడ్నీ బాగున్న వాళ్లకు. క్రియాటినిన్ చూడకుండా రాయకూడని మందు.

పొటాషియం ఎక్కువని వచ్చిన ప్రతి రిపోర్టూ నిజం కాకపోవచ్చని కూడా చెప్పాలి. ఒకామె పొటాషియం 6.8 అన్న కాగితంతో ఏడుస్తూ వచ్చింది. కిడ్నీలు బాగున్నాయి, అలాంటి మందులేవీ లేవు, ఈసీజీ నిక్షేపంగా ఉంది. ఆరా తీస్తే ఊళ్లో పొద్దున తీసిన రక్తాన్ని ఐసు డబ్బాలో పెట్టి సాయంత్రం బస్సుకు హైదరాబాద్ ల్యాబుకు పంపారని తెలిసింది. చల్లదనానికి రక్తకణాల్లోని పొటాషియం బయటికి కారుతుంది. గట్టిగా పట్టీ బిగించి, పిడికిలి పదేపదే ముడిపించి తీసినా, సిరంజిలో కణాలు పగిలినా అంతే. మా దగ్గరే మళ్లీ తీసి వెంటనే పరీక్షిస్తే 4.3 వచ్చింది. అందుకే అనుమానం వస్తే మళ్లీ తీయాలి. కానీ కిడ్నీ జబ్బు ఉండి, నాడి నెమ్మదించి, ఈసీజీ మారి ఉంటే రెండో రిపోర్టు కోసం ఎదురుచూస్తూ కూచోకూడదు.

తిండి మాట అందరూ అడుగుతారు. మా నల్లగొండ బత్తాయి తోటలకు పేరు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడవచ్చే చుట్టాలు బత్తాయిలు, కొబ్బరి బోండాలు తెస్తారు. ఒక బోండాం నీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది, 10 మిల్లీలీటర్ల సిరప్ కంటే కొంచెం ఎక్కువే. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లు, పొటాషియం 5 దాటిన వాళ్లు కొబ్బరి నీళ్లు, పండ్ల రసాలు తాగకూడదు. కిడ్నీ బాగుండి ఉత్త బీపీ గోలీ వేసుకునేవాళ్లు అరటిపండుకు, కొబ్బరి నీళ్లకు భయపడనక్కర్లేదు. కూరగాయల్లోని పొటాషియం బీపీకి మేలే చేస్తుంది.

ఇటీవల ఇళ్లలోకి కొత్తగా వస్తున్నది తక్కువ సోడియం ఉప్పు. బీపీకి మంచిదని పట్నంలో ఉండే పిల్లలు కొని పంపుతున్నారు. దాంట్లో సోడియం తగ్గించిన మేరకు కలిపేది పొటాషియం క్లోరైడే, సిరప్‌లో ఉన్న మందే. బీపీ ఉన్న సాధారణ ప్రజలకు అది ఉపయోగమే. చైనా పల్లెల్లో దాదాపు 21 వేల మందితో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో అలాంటి ఉప్పు వాడినవాళ్లకు పక్షవాతం తగ్గింది. అయితే కిడ్నీ జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఈ ఉప్పును సిఫారసు చేస్తూనే కిడ్నీ దెబ్బతిన్న వాళ్లకు, పొటాషియం సరిగా బయటికి పోని వాళ్లకు ఇది వర్తించదని స్పష్టంగా రాసింది. ఒకే వంటగదిలో బీపీ ఉన్న కొడుకూ, కిడ్నీ పాడైన తల్లీ ఉంటారు. కూర ఒకటే వండుతారు. ఆ ఇంట్లో మామూలు ఉప్పునే తక్కువ వేసుకోవడం మేలు.

పొటాషియం సిరప్ రాసే డాక్టర్లందరికీ నా విన్నపం ఒకటే. చీటీలో మోతాదుతో పాటు ఎన్ని రోజులో, ఏ తేదీన ఆపాలో, ఏ తేదీన మళ్లీ పరీక్ష చేయించుకోవాలో రాయండి. రాసేముందు క్రియాటినిన్ చూడండి. రోగి టెల్మిసార్టాన్ తరగతి గోలీలు, స్పైరనోలాక్టోన్ వేసుకుంటున్నాడేమో అడగండి. మెడికల్ షాపుల వాళ్లు ఐదు రోజులకు రాసిన సీసాను నెలల తరబడి ఇవ్వకండి.

చదివేవాళ్లకు చెప్పేది ఇది. మీ ఇంట్లో కిడ్నీ జబ్బు గానీ, షుగర్ గానీ ఉండి బీపీ గోలీలు వేసుకునే పెద్దవాళ్లుంటే వాళ్ల మందులన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టర్ దగ్గరికి పొండి. నొప్పి గోలీలు, సిరప్‌లు, రాళ్ల మందు, ఉప్పు ప్యాకెట్‌తో సహా చూపించండి. వాంతులు, విరేచనాలు పట్టుకుని నీళ్లు నిలవకపోతే ఆ రోజే ఫోన్ చేసి బీపీ గోలీ, నీరు తీసే గోలీ వేసుకోవాలా ఆపాలా అని అడగండి. అకస్మాత్తుగా కాళ్లలో బలం పోయినా, నాడి మరీ నెమ్మదిగా కొట్టుకున్నా, కళ్లు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయకుండా ఈసీజీ, డయాలసిస్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపొండి. సొంతంగా బీపీ గోలీ మానకండి. సొంతంగా పొటాషియం సిరప్ మాత్రం ఒక్క సీసా కూడా కొనకండి.